ఒక్కపొద్దు

మా మేనమామ పోయిన రోజు కాల్చడమా, పూడ్చడమా అన్న తగవు రాలేదు. ఆయనే ఆ తగవు రాకుండా చేసి పోయాడు. మూడేళ్ల కింద లింబాయత్‌లో పెట్టిన ఒక శిబిరంలో శరీరదానం కాగితం మీద తెలుగులో సంతకం పెట్టి, దాని నకలు పెద్ద కొడుకు చేతికిచ్చాడు. సూరత్‌లో ఇది వింతేమీ కాదు. అవయవదానం, నేత్రదానం మాట ఈ ఊళ్లో సాంచాలు నడిపేవాళ్ల వాడల్లో కూడా వినిపిస్తుంది.

కాగితం ఉన్నంత మాత్రాన పని జరగదు. సంతకం పెట్టినవాడు పోయాక దగ్గరి బంధువులు వద్దంటే కాలేజీవాళ్లు బలవంతపెట్టరు. అందుకే కొడుకులిద్దరూ ఒప్పుకోవాలి. ఇంట్లో పోయినవాళ్లకు డాక్టరు వచ్చి చూసి, మరణకారణం ఫారం 4ఎ మీద రాసివ్వాలి. కళ్లు తీసుకోవాలంటే ఆరు గంటలలోపే రావాలి. అప్పటిదాకా రెప్పలు మూసి, వాటి మీద తడిగుడ్డ వేసి, పైన ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టాలి. పోస్టుమార్టం అవసరమైన చావైతే కాలేజీవాళ్లు శరీరం తీసుకోరు. మామది నిద్రలో పోయిన ప్రాణం కాబట్టి అన్నీ కుదిరాయి. తెల్లారేసరికి కళ్లు తీసుకెళ్లారు. పది గంటలకు వైద్య కళాశాల బండి వచ్చింది. స్ట్రెచర్‌కు అటొకరు ఇటొకరు పట్టుకున్నారు. ఎత్తేటప్పుడు ఒకతను రెండోవాడితో, “ఒక్కడినే తీసుకుపోయేవాణ్ని, ఏం బరువు లేదు” అన్నాడు.

“ఒక్కపొద్దులు ఎక్కువ మామకు,” అంది పెద్ద కోడలు, కన్నీళ్లు తుడుచుకుంటూ. “పగలు ముద్ద ముట్టకపోతుండె.”

బండి పోయాక ఇంట్లో శవం లేదు. బూడిద లేదు, ఎముకలు లేవు, సమాధి లేదు. దినం ఎట్లా చేయాలన్నది మాత్రం మిగిలింది.

మామ సిరిసిల్ల నుంచి వచ్చిన పద్మశాలి. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి భీవండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు పోయిన మగ్గం మనుషుల్లో ఒకడు. లింబాయత్, ఉధ్నా, పర్వత్ పాటియా వాడల్లో ఇప్పుడు ఎన్ని వేల తెలుగు కుటుంబాలున్నాయంటే, సూరత్ మునిసిపాలిటీ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. మామ కొడుకులిద్దరూ ఆ బడుల్లో చదివినవాళ్లే. అట్లాంటి మనిషికి దినం ఎట్లా చేయాలో మా కులంలో ఎవరిని అడిగినా చెబుతారు. మూడో రోజు పిట్టకు పెట్టుడు, పదో రోజు కర్మ, పదకొండో రోజు భోజనాలు.

అయితే మామ ఎవరి మనిషో ఎవరికీ తేలలేదు. శనివారం మార్కండేయ గుడిలో కనిపించేవాడు. గురువారం వాడ చివరి చిన్న దర్గాలో ఉండేవాడు. ఆదివారం తెలుగు క్రైస్తవుల ఆరాధన జరిగే హాలు దగ్గర చూశామని చాలామంది చెప్పారు. మధ్యలో గురుద్వారా కూడా ఉంది. ఆయన మంచం కింది రేకు పెట్టె తెరిస్తే మార్కండేయుడి చిన్న పటం, దర్గాలో చేతికి కట్టే పచ్చదారం, కీర్తనల కరపత్రం, గురుద్వారాలో తలకు కట్టుకునే కాషాయం రుమాలు, నాలుగూ మడతపెట్టి ఒకే సంచిలో ఉన్నాయి. ఏ ఒక్కదాన్నీ పైన పెట్టలేదు, ఏ ఒక్కదాన్నీ దాచలేదు.

పెద్ద బావ అన్నాడు: “బావా, నువ్వు మార్కెట్ల గుమాస్తావు. నీకు అన్ని జాతులోళ్లు ఎరుకే. బాపు దినం నువ్వే కుదిర్చియ్యాలె. ఎవ్వరూ నొచ్చుకోవద్దు.”

నేను ఒప్పుకున్నాను. మామ అంటే నాకు ప్రాణం. సూరత్ వచ్చిన కొత్తలో నాకు తలదాచుకునే చోటు ఇచ్చిన మనిషి.

అన్ని మతాలనూ కలిపి ఒక పూజ చేయడం సులభమే అనిపిస్తుంది. ఒక దీపం, ఒక అగరొత్తి, ఒక పద్యం, ఒక పాట, ఒక దువా. కానీ అట్లా చేస్తే ప్రతివాడికీ తన సగం కోసేసినట్టు ఉంటుంది, ఎదుటివాడి సగం బలవంతంగా మింగించినట్టు ఉంటుంది. ఈ సంగతి ముందు తెలిసినవాళ్లు ఈ గడ్డ మీదే ఉన్నారు. సూరత్ సయ్యద్‌పురాలో ప్రణామీల పెద్ద గుడి ఉంది. పదిహేడో శతాబ్దంలో ప్రాణనాథుడు వేదం మాటనూ ఖురాన్ మాటనూ పక్కపక్కన పెట్టి బోధించిన సంప్రదాయానికి అది మూడు ప్రధాన పీఠాల్లో ఒకటి. గాంధీగారి తల్లి పుత్లీబాయి పుట్టింటివాళ్లు ఆ సంప్రదాయం వాళ్లే. తర్వాత గాంధీగారు ఆశ్రమంలో జరిపిన సర్వధర్మ ప్రార్థన చూడండి. జపాన్ బౌద్ధుల మంత్రం జపాన్ మాటల్లోనే ఉంటుంది. ఈశావాస్యం సంస్కృతంలో, ఫాతిహా అరబ్బీలో, పార్సీల ప్రార్థన వాళ్ల భాషలో వస్తాయి. మధ్యలో మౌనం ఉంటుంది. దేన్నీ దేనిలోనూ కలపలేదు, ఒకదాని పక్కన ఒకటి పెట్టారు. నాకు ఆ పద్ధతే నచ్చింది. ఎవరిది వాళ్లే, వాళ్ల తీరులోనే, తెగ్గోయకుండా చేయాలి. మిగతావాళ్లు కూర్చుని వినాలి, అంతే. అందరూ కలిసి చేయాల్సిన పని ఒక్కటీ ఉండకూడదు.

అందుకని ఎవరి దగ్గరికి పోయినా “మీరు ఏం చేస్తారు” అని అడగలేదు. “మీరు ఏం చేయలేరో ముందు చెప్పండి” అని అడిగాను. చేసేదాని గురించి అడిగితే ప్రతివాళ్లూ మర్యాదకు అన్నిటికీ తలూపుతారు. సభ రోజున లేచి పోతారు.

గుడి అయ్యగారు మొదట పెదవి విరిచారు. “కర్మకు గోత్రం కావాలె, కర్త కావాలె, నీళ్లు కావాలె. హాలులో చెప్పులేసుకుని తిరిగేటోళ్ల నడుమ పిండం పెట్టలేను.” శవం లేకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి ఉందని కూడా చెప్పారు. చిన్న బావమరిది ఒప్పుకోలేదు. “బాపు ఒళ్లు పిలగాండ్ల చదువుకిచ్చిండు. మళ్ల బొమ్మను కాలుస్తే ఆయన మాట కాదన్నట్టే గద.” అయ్యగారు కాసేపు ఆలోచించి, కొడుకులిద్దరూ పదో రోజు పొద్దున తాపీ ఒడ్డున నువ్వులు నీళ్లు వదిలితే చాలన్నారు. అది కుటుంబం పని, సభతో సంబంధం లేదు. సభలో ఆయన శ్లోకం చదివి కూర్చుంటారు. అంటే కర్మ వేరు, సభ వేరు అని తేలింది. ఈ ముడి విడిపోగానే సగం పని అయిపోయింది.

దర్గా ముజావర్ వెంటనే ఫాతిహా చదువుతానన్నాడు. పక్కనే ఉన్న మసీదు మౌల్వీ మాత్రం నిదానంగా, నొప్పించకుండా వివరించాడు. “ఆయన కలిమా చదివాడని మాకెవరికీ తెలియదు. జనాజా నమాజుగానీ, క్షమాపణ దువాగానీ నేను చేయలేను. చేస్తే ఆయన్ను ఆయన చెప్పని మాటకు కట్టేసినవాణ్ని అవుతాను. బతికున్నవాళ్లకు ఓర్పు గురించి ఖురాన్‌లో ఉన్నది చదువుతాను. అది అందరికీ పనికొచ్చేదే.” ముజావర్‌ది ప్రేమ, మౌల్వీది నియమం. ఇద్దరూ ఒకే సభకు వస్తే మాట తేడా వచ్చే చోటు ఇదే. మౌల్వీ చదవాలి, ముజావర్ మామ గురించి మాట్లాడాలి అని అనుకున్నాం. అన్నం మీద ఫాతిహా చదవొద్దని కూడా అనుకున్నాం. చదివిన అన్నం తినని హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. చదవని అన్నం తినని ముసల్మాను మాత్రం ఎవరూ ఉండడు.

పాస్టరుగారిది ఇంకో ఇబ్బంది. వాళ్ల సంఘంలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేయరు, మిగిలిన కుటుంబానికి ఆదరణ కోసం చేస్తారు. అది మౌల్వీ చెప్పినదానికి ఎంత దగ్గరగా ఉందో ఆయనకు చెబితే నవ్వాడు. అయితే జ్ఞాపకార్థ కూటం అంటే చివర్లో “ఇప్పుడే నిర్ణయం తీసుకోండి” అని పిలుపు ఇవ్వడం వాళ్ల అలవాటు. అది ఉండకూడదని అడగడానికి నాకు కొంచెం ధైర్యం కావలసి వచ్చింది. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, “ఒక పాట, ఇరవైమూడో కీర్తన, కుటుంబానికి ప్రార్థన. పది నిమిషాలు. సరేనా?” అన్నాడు. నేను ఆయన చేయి పట్టుకున్నాను.

గురుద్వారా సేవాదార్ పెద్దాయన ఒక్కటే చెప్పాడు. గురు గ్రంథ్ సాహిబ్‌ను హాలుకు తీసుకురాలేం. పైన చాందినీ, అందరికంటే ఎత్తున ఆసనం, తలలు కప్పుకున్న జనం కావాలి. బీడీలు జేబులో పెట్టుకున్న వాడలో అది కుదరదు. నిలబడి అర్దాస్ మాత్రం చేస్తానన్నాడు. “బాబాజీ కోసం ఎక్కడికైనా వస్తా,” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మారింది. మామను ఇంతగా ఎరిగిన మనిషి ఉన్నాడని మాకు అప్పటిదాకా తెలియదు.

చోటు, వేళ గుజరాతీల దగ్గర తీసుకున్నాం. వాళ్ల బేసణు ఎంత చక్కటి ఏర్పాటో దూరంగా ఉన్నవాళ్లకు తెలియదు. పేపర్లో ఫొటోతో నాలుగు వరుసల ప్రకటన వస్తుంది. సాయంత్రం 4 నుంచి 6. లౌకిక వ్యవహారం బంద్ అని ఒక మాట, అంటే కానుకలు, ఇచ్చిపుచ్చుకోవడాలు వద్దని. తెల్లబట్టలతో వస్తారు, పటం ముందు కాసేపు కూర్చుంటారు, ఇంటివాళ్లకు చేతులు జోడించి వెళ్లిపోతారు. మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టరు. ఏ మతంవాడైనా వచ్చి కూర్చోగలిగేది ఆ రెండు గంటలే. మా తెలుగు వాడలో పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు మారే వేళ వేరు కాబట్టి, కార్ఖానా బంద్ ఉండే ఆదివారం పెట్టుకున్నాం. పెద్ద కొడుకు ఇల్లా చిన్న కొడుకు ఇల్లా అన్న మాట కూడా వచ్చింది. మామ పడక, పొద్దున చాయ్ నాస్తా పెద్దోడి ఇంట్లో, రాత్రి బువ్వ రెండు గల్లీల అవతల చిన్నోడి ఇంట్లో. కళ్లు మసకబారి సాంచా మానేసినప్పటి నుంచి అదే ఏర్పాటు. ఇద్దరి హక్కూ సమానమే కాబట్టి ఎవరి ఇల్లూ కాకుండా వాడ హాలు మాట్లాడాం.

పటం దగ్గర మళ్లీ ఆగాం. దండ వేసి, దీపం పెట్టి, సభ ముందు పెడితే వచ్చినవాళ్లందరూ దానికి మొక్కినట్టు అవుతుంది. మౌల్వీకీ పాస్టరుకూ అది కష్టం. పటం లేకపోతే మా ఆడవాళ్లకు కష్టం. గుమ్మం పక్కన బల్ల మీద పటం, చందనం దండ, దీపం పెట్టించాం. పక్కన బుట్టలో పూలు. వేయాలనుకున్నవాళ్లు వేస్తారు, లేనివాళ్లు లోపలికి వచ్చేస్తారు. ఎవరు వేశారో ఎవరు వేయలేదో లోపల కూర్చున్నవాళ్లకు కనిపించదు. సభ ముందు మాత్రం మామ నాడె పెట్టాం. ఎన్నేళ్లు ఆయన చేతిలో తిరిగిందో, కండె మార్చేటప్పుడు బొటనవేలు ఆనే చోట కర్ర గుంట పడి నున్నగా మెరుస్తోంది. మొనకున్న ఇనుము అరిగిపోయింది. దాని గురించి ఏ మతంవాళ్లకూ అభ్యంతరం లేదు.

భోజనం దగ్గర పెద్ద బావ పట్టుబట్టాడు. బేసణులో పెట్టరుగదా అంటే వినలేదు. “బాపు జీవితమంత ఒక్కపొద్దులుండె. రంజాన్ల ఉండె, శ్రావణంల ఉండె, వాళ్ల శ్రమదినాలల్ల ఉండె. అట్లాంటి మనిషి పేరు మీద పెట్టకుంటె నేను కొడుకునేనా?” అప్పు చేసైనా పెడతానన్నాడు. మా దినాల్లో యాట తప్పదు. యాట అంటే హలాలా, కాదా అన్న ప్రశ్న వస్తుంది. సేవాదార్ హలాల్ ముట్టడు, ముజావర్ హలాల్ కానిది ముట్టడు. అందుకని అన్నం, పప్పు, గారెలు, వంకాయ కూర, పాయసం. అందరూ నేల మీద ఒకే వరుసలో కూర్చోవాలి. సభ ఆరింటికి ముగిశాక, ఉండేవాళ్లు ఉంటారు.

ఒక నియమం నేనే పెట్టాను. నలుగురిలో ఎవరూ మామ నమ్మకం గురించి మాట్లాడకూడదు. ఆయన మావాడు అని గానీ, చివరికి ఫలానా దేవుణ్ని నమ్మాడు అని గానీ అనకూడదు. చనిపోయినవాళ్ల నోట్లో మాటలు పెట్టడం ఇట్లాంటి సభల్లో జరిగే అతి పెద్ద అన్యాయం. ఇంట్లోవాళ్లు చేస్తారు, గురువులు చేస్తారు, స్నేహితులు చేస్తారు. అందుకని ప్రతి ఒక్కరూ తమ కళ్లతో చూసిన సంగతి ఒక్కటి మాత్రం చెప్పాలి. విన్నది కాదు, ఊహించింది కాదు.

సభ బాగా జరిగింది. హాలు నిండింది. సాంచా ఆసాములు, కండెలు చుట్టే ఆడవాళ్లు, మార్కెట్ నుంచి గుజరాతీ సేఠ్‌లు ఇద్దరు, బిహారీ, ఒడియా కార్మికులు వచ్చారు. శ్లోకం అయింది. మౌల్వీ చదివాడు. పాట పాడారు, కీర్తన చదివారు. ఒక్కోదాని మధ్య రెండు నిమిషాల మౌనం. ఎవరి ముఖంలోనూ ఇబ్బంది లేదు. తర్వాత కళ్లతో చూసిన సంగతులు మొదలయ్యాయి.

అయ్యగారు అన్నారు: “శనివారం మా గుడిలో అన్నదానం. అందరూ పోయినంక విస్తర్లు ఏరి, అరుగు కడిగి పోయేటోడు. ఒక్కనాడు చెప్పించుకోలే.”

ముజావర్ అన్నాడు: “గురువారం నియాజ్ పెడతాం. దేగ్‌లు తోమేది ఆయనే. బూడిదతో రుద్ది, అద్దంలా చేసి బోర్లించేవాడు.”

పాస్టరుగారు అన్నాడు: “మా సంఘంలో ఆదివారం ఆరాధన తర్వాత అందరం కలిసి తింటాం, వారానికి ఒక ఇంటివాళ్లు వండుకొస్తారు. ఆయన ఆఖరి పాటకు వచ్చేవాడు. చాపలు మడిచి, గ్లాసులు కడిగి, చివరగా వెళ్లేది ఆయనే.”

హాలులో జనం కదిలారు. ఎవరో వెనక నుంచి “సేవ చేసిండు, పుణ్యాత్ముడు” అన్నారు. పెద్ద కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతమంది వెతికిన మామ మతం ఏదో ఇన్నాళ్లకు బయటపడిందన్న తృప్తి అందరి ముఖాల్లోనూ కనిపించింది. ఎక్కడికి పోయినా చేసింది ఒక్కటే పని. పెద్ద బావ కళ్లు తుడుచుకుని, తల పైకెత్తి కూర్చున్నాడు.

సేవాదార్ చివరగా లేచాడు. తలపాగా సర్దుకుని, హిందీలో, ఒక్కో మాట ఏరుకుంటూ మాట్లాడాడు.

“బాబాజీ మంగళవారం, బుధవారం మా లంగర్‌కు వచ్చేవాడు. పన్నెండున్నరకు. తిన్నాక పళ్లేలు కడగడానికి కూర్చునేవాడు. వయసు మళ్లినవాడివి, వద్దు బాబా, లోపలికి పోయి కీర్తన విను అంటే వినేవాడు కాదు. ఊరికే తింటే అరగదు బేటా అనేవాడు. రోజూ రావచ్చు కదా, గురువుగారి ఇంట్లో రొట్టెకు లెక్క లేదు అన్నా. రోజూ ఒక్క చోటే కనపడితే ఈయన ఎవరింటి మనిషి అని అడుగుతారు, అందుకే వారమంతా పంచుకున్నా అన్నాడు.”

ఆయన ఆగి, అయ్యగారి వైపు, ముజావర్ వైపు, పాస్టరు వైపు చూశాడు.

“నాకు ఆయనెవరూ లేని మనిషనే తెలుసు. కొడుకులున్నారని మొన్న మీరు పిలవడానికి వచ్చినప్పుడే తెలిసింది. ఇందాకటి నుంచి వింటూ లెక్క వేసుకుంటున్నా. మంగళ, బుధ మా దగ్గర. గురువారం దర్గా, శనివారం గుడి, ఆదివారం చర్చి.” ముందు వరుసలో కూర్చున్న ఇద్దరు కొడుకుల వైపు తిరిగి, చేతులు జోడించి అడిగాడు. “సోమవారం, శుక్రవారం ఎక్కడ తినేవాడు?”

వెనక తలుపు తీసుకుని వంటాయన తొంగిచూశాడు. “ఆకులేసినం. ఫస్టు బంతికి ఎవరొస్తరు?”

ఎవరూ లేవలేదు. పెద్ద బావ తమ్ముడి ముఖంలోకి చూశాడు.

“పగటిపూట తినమంటె మాకు ఒక్కపొద్దని చెప్తుండె గదరా.”

“ఒక్కపొద్దా?” అన్నాడు చిన్నోడు. “మాకు మీ ఇంట్ల తిన్ననని చెప్తుండె.”